తమ్ముడి కొట్టు లెక్క: రెండు వైపులా సరిపోయింది, లాభం మాత్రం తప్పు

"ఆస్తులు = అప్పులు + పెట్టుబడి అంటారు కదా. ఏం కొన్నా, ఏం అమ్మినా రెండు వైపులా ఎలా సమానం అవుతాయి? నాకు అకౌంట్స్ అస్సలు రావు" అని ఒకరు అడిగారు. మా తమ్ముడి కొట్టు లెక్కతోనే చెప్తాను.

మా తమ్ముడు స్టేషనరీ కొట్టు పెట్టిన మొదటి నెలాఖరున నోటు పుస్తకం పట్టుకొచ్చి, "అక్కా, 94,000 లాభం!" అన్నాడు. చూస్తే రెండు వైపులా 2,94,000. రూపాయి తేడా లేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నెలంతా కలిపి 13,000 సరుకే అమ్మిన కొట్టు అది.

కూర్చోబెట్టి మొదటి నుంచి రాయించాను. ప్రతి పద్దుకీ ఒకటే అడిగాను: కొట్లో ఏం మారింది, అది ఎవరి సొమ్ము?

సొంత డబ్బు 2,00,000 పెట్టాడు. నగదు అంత, పెట్టుబడి అంత. బ్యాంకు లోను 1,00,000 వచ్చింది. నగదు పెరిగింది, అప్పు కూడా అంతే పెరిగింది. ఇక్కడే వాడు పొరబడ్డాడు. చేతికొచ్చిన డబ్బు కదా అని దాన్ని ఆదాయం కింద రాసేశాడు.

తర్వాత 1,50,000 పెట్టి సరుకు కొన్నాడు. నగదు తగ్గింది, సరుకు పెరిగింది. రెండూ ఆస్తులే కాబట్టి రెండో వైపు ఏమీ కదలదు. 10,000 సరుకును ఒక ట్యూషన్ సెంటర్‌కు 13,000కు అరువిచ్చాడు. సరుకు 10,000 తగ్గింది, రావాల్సిన బాకీ 13,000 పెరిగింది. మిగిలిన 3,000 పెట్టుబడిలో కలుస్తుంది. డబ్బు ఇంకా చేతికి రాకపోయినా లాభం లాభమే. అద్దె 5,000 కడితే నగదు, పెట్టుబడి రెండూ తగ్గాయి.

లోను వాయిదా 4,000. అందులో వడ్డీ 1,000 మాత్రమే ఖర్చు. మిగతా 3,000 అప్పు తీరడం. వాడు మొత్తం ఖర్చుగా రాశాడు. ఈ తప్పు ఎంతమంది చేస్తారో! అకౌంట్స్ నేర్పేవాళ్లు డెబిట్, క్రెడిట్ సూత్రాలు బట్టీ పట్టిస్తారు గానీ, వాయిదాను రెండు ముక్కలు చేయాలని ముందే ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

సరిచేశాక నగదు 1,41,000, సరుకు 1,40,000, బాకీ 13,000. మొత్తం అదే 2,94,000. కానీ రెండో వైపు అప్పు 97,000, పెట్టుబడి 1,97,000. అంటే 3,000 నష్టం.

వాడి లెక్క కూడా సరిపోయింది చూడండి! ఆస్తులు పెరిగినంతా రెండో వైపు ఎక్కడో ఒకచోట రాస్తే చాలు, రెండు వైపులూ కలిసిపోతాయి. అది అప్పులో రాయాలా పెట్టుబడిలో రాయాలా అన్నది సమీకరణం చెప్పదు. అందుకే లోను స్టేట్‌మెంట్ తెప్పించి చూపించాను. అందులో ఇంకా 97,000 కట్టాలని ఉంది. వాడి పుస్తకంలో అప్పు సున్నా.