నురగ చూసి పాలాయనతో గొడవ పెట్టుకున్నాను

ప్రశ్న: "మా ఇంటికి రోజూ పాలాయన పోసే పాలలో గంజి, సబ్బు, నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానం. ఇంట్లోనే తెలుసుకోవచ్చా? వీడియోల్లో చూపించే పరీక్షలు ఎంతవరకు నమ్మొచ్చు?"

గంజిది నమ్మొచ్చు. సబ్బుది సగమే నమ్మాలి. నీళ్ళది, అంటే పళ్ళెం మీద చుక్క వేసి జారుడు చూసేది, నేనైతే అస్సలు నమ్మను. ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు, పరువు పోగొట్టుకుని చెబుతున్నాను.

మాది హైదరాబాద్‌లో మల్కాజిగిరి. పదకొండేళ్ళుగా మల్లయ్య పోసే బర్రె పాలే తాగుతున్నాం. రెండేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. సీసాలో పాలు, అంతే నీళ్ళు పోసి గట్టిగా ఊపుతారు, బుస్సుమని నురగ పొంగుతుంది, "ఇది డిటర్జెంట్ పాలు" అని ఒక గొంతు భయపెడుతుంది. అదే సాయంత్రం నేనూ మొదలుపెట్టాను. ఖాళీ నీళ్ళ సీసా కడిగి, పది మి.లీ. పాలు, పది మి.లీ. నీళ్ళు పోసి ఊపాను. రెండు వేళ్ళ మందం నురగ వచ్చింది. ఐదు నిమిషాలైనా తగ్గలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గరే మల్లయ్యను నిలదీశాను. ఆయన క్యాను కింద పెట్టి, "ఏందమ్మా గట్లంటరు? నా ఇంట్ల పిల్లలు గివే పాలు తాగుతరు" అన్నాడు. నేను ఊరుకోలేదు. పై ఫ్లాటు ఆవిడ కూడా దిగివచ్చి గొంతు కలిపింది. ఆయన ఆ రోజు పాలకు డబ్బులు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

మా అత్తమ్మ అంతా విని, వంటింట్లో ఉన్న ఆ సీసానే తీసుకుని, అందులో పాలు లేకుండా ఉత్త కుళాయి నీళ్ళు పోసి ఊపింది. దానికీ నురగే! పాల నురగంత చిక్కగా లేకపోయినా, తెల్లగా, సీసా గోడకు అంటుకుని నిలబడింది. ముందు రోజు ఆ సీసాను నేను గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, ఒక్కసారి నీళ్ళతో జాడించి వదిలేశాను. సన్న మూతి సీసా, లోపల మడతలు, సబ్బు ఎక్కడికి పోతుంది? తర్వాత అవే పాలను స్టీలు గ్లాసులో, వేడినీళ్ళతో నాలుగుసార్లు కడిగాక, పైన చిన్న పళ్ళెం మూసి ఊపితే, పల్చటి నురగ పొర వచ్చి మెల్లగా విరిగిపోయింది.

మీరు చేయాలనుకుంటే ఆ ఉత్త నీళ్ళ పరీక్ష ముందు చేయండి. అదే పాత్రలో, అదే చేత్తో, ఉత్త నీళ్ళు ఊపి చూడండి. ఏ వీడియోలోనూ ఇది చూపించరు, ఎందుకంటే చూపిస్తే వీడియోకు పస ఉండదు. ఇంకో సంగతి, పాలకు సహజంగానే నురగ వస్తుంది. పాలలోని మాంసకృత్తులకు గాలిని పట్టుకునే గుణం ఉంది. కొవ్వు ఆ నురగను అణచివేస్తుంది. అందుకే వెన్న తీసిన పాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి టోన్డ్ పాలు ఊపితే చిక్కటి బర్రె పాలకంటే ఎక్కువ పొంగుతాయి. అంటే పాపం ఏ తప్పూ లేని పాకెట్ పాలు ఈ పరీక్షలో దొంగలవుతాయి, కొంచెం సబ్బు పడ్డ చిక్కటి పాలేమో తప్పించుకోవచ్చు. చాలా ఎక్కువ సబ్బు ఉంటేనే ఇది పట్టుకుంటుంది. ల్యాబుల్లో దీనికి బ్రోమోక్రెసాల్ పర్పుల్ లాంటి రంగుద్రవాలు వాడతారు, ఊపి చూసి తీర్పు చెప్పరు.

నిజానికి ఈ సబ్బు భయమే కాస్త అతిగా ఉంది. 2018లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే, కల్తీ తేలినవి 12. అందులో డిటర్జెంట్ ఉన్నవి 3. ఆ 12లో ఎక్కువ మన తెలంగాణవే కావడం మాత్రం మనకు మచ్చే. అదే సర్వేలో 5.7 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 ఎక్కువగా కనిపించింది. బూజు పట్టిన దాణా తిన్న పశువు పాలలోకి దిగే విషం అది. దాన్ని ఊపితే తెలియదు, ఇంట్లో పట్టుకునే దారే లేదు. గ్రూపులో దాని గురించి ఒక్కరూ మాట్లాడరు, నురగ రాదు కదా!

గంజి సంగతి వేరు. నీళ్ళు కలిపాక పాలు పల్చబడకుండా పిండో గంజో కలుపుతారు. రెండు మూడు మి.లీ. పాలకు ఐదు మి.లీ. నీళ్ళు పోసి మరిగించి, పూర్తిగా చల్లార్చి, రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయాలి. నీలం తిరిగితే గంజి ఉంది. లేకపోతే అయోడిన్ రంగుకు పాలు లేత పసుపు గోధుమ రంగులోకి మారతాయి, అంతే. ఇక్కడ "పూర్తిగా చల్లార్చి" అన్న మాటే ప్రాణం. మా అమ్మాయికి నమ్మకం కుదరక, ఒక గిన్నెలో మల్లయ్య పాలు, ఇంకో గిన్నెలో అర చెంచా అన్నం గంజి కలిపిన పాలు పెట్టి చూసింది. తొందర కదా, పొగలు కక్కుతుండగానే అయోడిన్ వేసింది. రెండింటిలోనూ ఏమీ లేదు. "ఈ పరీక్ష దండగమ్మా" అని వెళ్ళిపోయింది. పావుగంటకు వచ్చి చూస్తే గంజి గిన్నె నేరేడు పండు రంగులో ఉంది, మల్లయ్య గిన్నె అలాగే ఉంది. వేడిలో ఆ నీలం విడిపోతుంది, చల్లబడితే మళ్ళీ కనబడుతుంది.

మెడికల్ షాపులో టింక్చర్ దొరకకపోతే పొవిడోన్ అయోడిన్ ద్రవంతో కూడా పని అవుతుంది. ముందు చల్లటి అన్నం మెతుకు మీద ఒక చుక్క వేసి నల్లగా మారుతుందో లేదో చూసుకోండి, సీసా పాతదైతే తెలిసిపోతుంది. గంజి వార్చిన గిన్నెను, ఆ గరిటెను పాల దగ్గరకు రానివ్వకండి. అయోడిన్ వేసిన పాలు పారబోయండి, మా అత్తమ్మ పొదుపుగా టీలోకి వాడబోయింది.

ఇక నీళ్ళు. ఏటవాలుగా పెట్టిన నున్నటి పళ్ళెం మీద చుక్క వేస్తే మంచి పాలు మెల్లగా జారి తెల్లటి గీత వదులుతాయని, నీళ్ళు కలిసినవి గీత లేకుండా జారిపోతాయని చెబుతారు. మా స్టీలు పళ్ళెం మీద మల్లయ్య పాలు గీత వదిలాయి, పాకెట్ టోన్డ్ పాలు చకచకా పరుగెత్తాయి. ఆ పాకెట్లో కల్తీ ఏమీ లేదు. టోన్డ్ పాలంటేనే కొవ్వును మూడు శాతానికి తెచ్చినవి, చిక్కటి బర్రె పాలలో వెన్న తీసిన పాలో, పాలపొడి కలిపిన నీళ్ళో చేర్చి చట్టప్రకారం తయారు చేసినవి. పళ్ళెం వాలు, నునుపు, పాల వేడి, ఏది మారినా ఫలితం మారుతుంది.

దానికంటే కోఠీలో ల్యాబ్ సామాన్లు అమ్మే కొట్టులో, పాలలో తేలుతూ వాటి సాంద్రతను అంకెల్లో చూపే లాక్టోమీటర్ కొన్నాను. మీది ఏ ఉష్ణోగ్రతకు చేశారో దాని మీద రాసి ఉంటుంది, నాది 27 డిగ్రీలకు. ఫ్రిజ్ పాలలో ముంచితే కొన్ని గీతలు ఎక్కువ చూపిస్తుంది, గోరువెచ్చటి పాలలో తక్కువ చూపిస్తుంది. పాలను పొడవాటి గ్లాసులో నురగ లేకుండా అంచు వెంట పోసి, గోడకు తగలకుండా తేలనిచ్చి, పాల మట్టం దగ్గరి గీత చదవాలి. బర్రె పాలకు మామూలుగా 30 నుంచి 32, ఆవు పాలకు 28 నుంచి 30.

రోజూ రాసుకున్నాను. మల్లయ్య పాలు 30కీ 31కీ మధ్యే. శ్రావణంలో ఒక శుక్రవారం 27న్నర చూపించింది. మర్నాడు 30న్నర వచ్చిన పాలు 450 మి.లీ. తీసుకుని 50 మి.లీ. నీళ్ళు కలిపితే సరిగ్గా 27న్నరకు దిగింది. అంటే లీటరులో దాదాపు 100 మి.లీ., ఒక చిన్న టీ గ్లాసు నీళ్ళన్నమాట. ఈసారి గేటు దగ్గర గొంతు పెంచలేదు, కాగితం చూపించి అడిగాను. "పండుగకు పాలు సాల్లేదమ్మా, పక్క తబేలాల అడుక్కొచ్చి పోసిన" అన్నాడు. ఆ పక్క తబేలాలో జెర్సీ ఆవులున్నాయి. ఆవు పాలు కలిసినా అంకె పడుతుంది. నేను నీళ్ళనే అనుకుంటున్నాను, నిరూపించలేను.

పైగా లాక్టోమీటర్‌ను మోసం చేయడమూ తేలికే. అవే పచ్చి పాలు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పైకి తేలిన మీగడ తీసి, గది వేడికి వచ్చాక చూస్తే 33కి ఎక్కింది. అందులో పదో వంతు నీళ్ళు కలిపినా 30కి కాస్తే తగ్గింది. మీగడా పోయింది, నీళ్ళూ వచ్చాయి, అంకె మాత్రం మర్యాదగా నిలబడింది. అందుకే నేను ఒక్క అంకెను చూడను, కాచాక మీగడ మందం కూడా చూస్తాను.

అనుమానం గట్టిదైతే నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళెవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. కానీ కొనేటప్పుడే అమ్మేవాడికి ఆ సంగతి చెప్పాలి. కల్తీ తేలితే ఫీజు తిరిగి ఇస్తారు.

మల్లయ్య ఇప్పటికీ మాకే పోస్తున్నాడు. క్యాను వంచుతూ, "నిన్న ఎంతొచ్చిందమ్మా?" అని ఆయనే అడుగుతాడు. పై ఫ్లాటు ఆవిడ మాత్రం పాకెట్‌కు మారిపోయింది, దాన్నీ రోజూ ఊపి చూస్తోందట.