ఫోటోలోని ఖాళీ గోడకు అద్దం ఫ్రేమ్ ఉన్న పెయింటింగ్ ఎలా పెట్టాలి?

"గది ఫోటోలో ఖాళీ గోడ మీద ఫ్రేమ్ కట్టిన పెయింటింగ్ పెట్టాను, కానీ అతికించినట్టే ఉంది. పర్‌స్పెక్టివ్, అద్దం మీద ప్రతిబింబం ఎలా సరిచేయాలి?"

ఫోటోషాప్‌లో అయితే ముందు ఆ గోడకే చెందిన రెండు గీతలు, అంటే పైన సీలింగ్ అంచు, కింద స్కర్టింగ్ అంచు, రెండూ కలిసేదాకా పొడిగించండి. ఫ్రేమ్ పై అంచు, కింది అంచు కూడా ఆ బిందువు వైపే సాగాలి. పెయింటింగ్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి Edit > Transform > Distort తో నాలుగు మూలలూ ఆ బిందువు వైపు సాగే గీతల మీద కూర్చోబెట్టండి. వెడల్పు మాత్రం అదే గోడకున్న తలుపుతో పోల్చి చూసుకోండి, గోడ పక్కకి తిరిగినకొద్దీ అది కుంచించుకుపోవాలి.

అసలు తేడా కొట్టేది ప్రతిబింబం దగ్గరే. చాలామంది దాన్ని కూడా పెయింటింగ్‌తో పాటే వంచేస్తారు, అది తప్పు. ఎదురు గోడకున్న కిటికీ, పెయింటింగ్ అద్దానికి ముందు ఎంత దూరంలో ఉందో, దాని ప్రతిబింబం అద్దం వెనక అంతే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది, కాబట్టి దాని పర్‌స్పెక్టివ్ వేరు. ఎదురు వైపు తీసిన ఫోటోను Flip Horizontal చేసి, వేరే లేయర్‌లో పెట్టి, అద్దం ఆకారానికి మాస్క్ చేయండి. బ్లెండ్ మోడ్ Screen.

మామూలు గాజు ఎదురుగా చూస్తే 8 శాతం వెలుతురునే వెనక్కి పంపుతుంది, అందుకే కిటికీ లాంటి వెలుగే కనిపించాలి, అదీ పెయింటింగ్‌లో ముదురు రంగులున్న చోట ఎక్కువగా. పక్క నుంచి తీసిన ఫోటో అయితే ప్రతిబింబాన్ని కాస్త పెంచండి, కొంచెం బ్లర్ కూడా ఇవ్వండి.