చిన్న మాటలే, కానీ ఆరు నెలలుగా

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరుంగుడిలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. టీమ్ లీడ్ కూడా తెలుగువాడే. డిసెంబరు నుంచి, చీర కట్టుకొస్తే "ఎవరి కోసం?" అంటాడు. నా కుర్చీ వెనక ఆనుకుని నిలబడతాడు. రాత్రి పదకొండు దాటాక "పడుకున్నావా బంగారం" అని మెసేజ్. మే 14న లిఫ్టులో "పెళ్లి కాలేదుగా, రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయి?" అన్నాడు. అప్పటి నుంచి నేను అతనితో పని తప్ప మాట్లాడటం లేదు. జూలైలో రేటింగ్ తగ్గించాడు. హెచ్‌ఆర్‌కి చెబితే "ఇవన్నీ విడివిడి చిన్న విషయాలు, కేసు కాదు" అన్నారు. నిజమేనా? (ఆగస్టు 4)

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు పది రోజులే టైముంది. పనిచోట లైంగిక వేధింపులను ఆపే పోష్ చట్టం (2013) సెక్షన్ 9 ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. వరుసగా జరిగిన ఘటనలైతే చివరిదాని నుంచి మూడు నెలలు. అంటే డిసెంబరు, జనవరి సంగతులు పాతబడిపోయాయని దిగులు పడక్కర్లేదు. చివరిది గడువులో ఉంటే వెనకున్నవన్నీ దాంతోపాటే వస్తాయి.

మీ వరుసలో చివరిది ఏది? జూలై రేటింగ్ అని మీరు అనుకుంటే చిక్కే. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక విశ్వవిద్యాలయం కేసులో సరిగ్గా ఇదే జరిగింది. వేధింపు చివరిసారి ఏప్రిల్‌లో, ఫిర్యాదు డిసెంబరులో. మధ్యలో తనను డైరెక్టర్ పదవి నుంచి తప్పించడం కూడా వేధింపులో భాగమేనని ఆ అధ్యాపకురాలు వాదించారు. అది పాలనాపరమైన చర్య, లైంగిక వేధింపు కాదన్నారు కోర్టువారు. గడువు దాటిందని ఫిర్యాదు పోయింది. కాబట్టి మీ లెక్క లిఫ్టు మాట నుంచే మొదలవుతుంది. ఆగస్టు 14 దాకా ఆగకండి, 12కల్లా ఇచ్చేయండి. తగిన కారణం రాసి, ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆఫీసు అంతర్గత కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. కానీ దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ఇక హెచ్‌ఆర్ మాట. చట్టం ఇక్కడ రెండు ప్రశ్నలు వేస్తుంది. ఒకటి, జరిగింది లైంగిక స్వభావం ఉన్న పనా, మీకు ఇష్టం లేనిదా అన్నది (సెక్షన్ 2(ఎన్)). రెండోది, దాని వల్ల మీ పనికి అడ్డం వచ్చిందా, భయపెట్టే, కించపరిచే, శత్రుత్వం నిండిన వాతావరణం తయారైందా అన్నది (సెక్షన్ 3(2)). వరుస అనేది ఈ రెండు ప్రశ్నలకూ జవాబిస్తుంది. రాత్రి 11.40కి "పడుకున్నావా" అని ఒకసారి వస్తే, ఏదో సర్వర్ పడిపోయి అడిగి ఉంటాడని ఎవరైనా అనుకోవచ్చు. అదే మాట పద్నాలుగు రాత్రులు వచ్చి, ఒక్కదాని కిందా పని ముక్క లేకపోతే, ఆ మాటకు అర్థం మారిపోతుంది. కుర్చీ వెనక నిలబడటం కూడా అంతే. స్క్రీన్ చూడటానికి లీడ్ రావడం మామూలే. మగవాళ్ల కుర్చీల దగ్గర పక్కన నిలబడి, మీ దగ్గర మాత్రం ఆనుకుంటే, అదే తేడా.

ఈ చెన్నైలోనే, 2025 జనవరిలో, మద్రాస్ హైకోర్టు ముందుకు ఒక ఐటీ సంస్థ మేనేజర్ కేసు వచ్చింది. వెనక మరీ దగ్గరగా నిలబడటం, భుజం తాకడం వంటివాటి మీద మహిళా ఉద్యోగులు ఫిర్యాదు చేశారు. పర్యవేక్షణ కోసమే అలా నిలబడ్డానని ఆయన వాదన. ఆయన ఉద్దేశం ఏమిటన్నది కాదు, అవతలి మహిళకు అది ఎలా తగిలిందన్నది ముఖ్యమని కోర్టు చెప్పింది. దీనికి ఎదురుగా అదే ఏడాది మార్చిలో బాంబే హైకోర్టు తీర్పు కూడా చూడండి. శిక్షణ సమావేశంలో సహోద్యోగిని జుట్టు మీద జేసీబీ జోకు వేసి, పాట పాడిన బ్యాంకు అధికారి కేసు అది. ఆరోపణ నిజమే అనుకున్నా అది లైంగిక వేధింపు అనిపించుకోదన్నారు. మీ లీడ్ తరఫువాళ్లు మీ మీద వాడేది ఈ తీర్పే. అందుకే మీ ఫిర్యాదు "చీర మాట" ఒక్కదాని మీద నిలబడకూడదు. చీర మాట నుంచి లిఫ్టు మాట దాకా ఎలా పెరుగుతూ వచ్చిందో కనబడాలి.

నేను కొన్ని కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటాను. అక్కడ తెలుగు అమ్మాయిల ఫిర్యాదులు దెబ్బతినే చోటు ఒకటుంది. వాళ్లు ఇంగ్లీషులో "తరచూ అసభ్యంగా మాట్లాడేవాడు" అని రాసి ఊరుకుంటారు. కమిటీలో ఉన్న తమిళులకు "బంగారం" అంటే గోల్డ్ అనే తెలుసు. "మా వైపు అందరినీ అలాగే పిలుస్తాం" అని అవతలివాడు చెబితే తలూపేస్తారు. కాబట్టి ఆయన అన్న మాటను అన్నట్టే తెలుగులో రాయండి. పక్కన ఇంగ్లీషు అర్థం, ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు అన్నది రాయండి. టీమ్‌లో ఇంకెవరినైనా బంగారం అని పిలిచాడా అన్నది కూడా రాయండి. ఆ వాక్యం ఒక్కటే ఆయన వాదనను పడగొట్టవచ్చు.

ఒక్కో ఘటనకు ఒక పేరా చాలు. ఉదాహరణకు: "ఫిబ్రవరి 11, రాత్రి 11.40, వాట్సాప్. నేను జవాబివ్వలేదు. మర్నాడు సీటు మార్చమని మెయిల్ పెట్టాను." ఇక్కడ మూడో వాక్యమే అసలైనది. మీరు నోరు తెరిచి "వద్దు" అనకపోయినా, సీటు మార్చమనడం, జవాబివ్వకపోవడం, షిఫ్టు మార్చుకోవడం, ఇవన్నీ మీకు ఇష్టం లేదన్న సంగతిని చెబుతాయి. తేదీ గుర్తులేకపోతే ఊహించి వేయకండి, "సంక్రాంతి సెలవుల తర్వాతి వారం" అన్నా సరిపోతుంది. తప్పు తేదీ ఒకటి దొరికితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిగతావాటినీ లాగుతారు.

లిఫ్టులో సాక్షి ఎవరున్నారని బెంగపడకండి. ఇది క్రిమినల్ కోర్టు కాదు, ఏది ఎక్కువ నమ్మదగినదో చూస్తారు. ఆ సాయంత్రం అక్కకో, రూమ్‌మేట్‌కో "ఇవాళ మళ్లీ అదే" అని పెట్టిన మెసేజ్ బలమైన సాక్ష్యం. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఏదీ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. సీసీటీవీ మీద కొత్తది పడి పాతది పోతూ ఉంటుంది కాబట్టి, మే 14 ఫుటేజీ భద్రపరచమని ఈరోజే మెయిల్ పెట్టండి. దొరకకపోయినా మీరు అడిగారన్న రికార్డు ఉంటుంది.

కలపకూడనివి కూడా ఉన్నాయి. డెడ్‌లైన్ తప్పితే అరిచాడు, లీవ్ ఇవ్వలేదు, టీ తాగడానికి పిలవలేదు వంటివి ఈ ఫిర్యాదులో పెట్టకండి. అవి నిజమే అయినా, "లీడ్ మీద కోపంతో అన్నీ పోగేసింది" అనే మాటకు చోటిస్తాయి. రేటింగ్ మాత్రం పెట్టండి, కానీ వేధింపుగా కాదు. మీరు దూరం జరిగాక ఏమైందో చూపడానికి, చివర్లో.

ఫిర్యాదు హెచ్‌ఆర్‌కి కాదు, అంతర్గత కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి. ఆరు ప్రతులు, పత్రాలు, సాక్షుల పేర్లు, చిరునామాలతో. కమిటీని ఏర్పాటు చేసిన ఆర్డరు ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టాలి. లేకపోతే ఆ సంగతీ ఫిర్యాదులో రాయండి. హెచ్‌ఆర్‌లో ఎవరో నోటితో అన్నది కమిటీ నిర్ణయం కాదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా ఆయన మీ అప్రైజల్ రాయకుండా ఆపమని, అవసరమైతే ఎవరో ఒకరిని బదిలీ చేయమని, సెక్షన్ 12 కింద రాతపూర్వకంగా అడగండి. అడగందే అది ఎవరూ ఇవ్వరు. రాజీకి కూర్చోబెడదామంటే మీరు కోరితేనే, అదీ డబ్బు ప్రసక్తి లేకుండా.

నిరూపించలేకపోతే మీ మీదే చర్య తీసుకుంటారని ఎవరైనా బెదిరిస్తే సెక్షన్ 14 చూపించండి. రుజువు చేయలేకపోవడం ఒక్కటే చర్యకు కారణం కాదని అందులోనే ఉంది.