షష్టిపూర్తి పద్యం గురించి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

మీ నాన్నగారి షష్టిపూర్తికి నువ్వు రాసిన సీసం, దాని కింది ఆటవెలది చదివాను. సీసం వదిలెయ్. పాదానికి ఎనిమిది గణాలుంటే మీ అన్నదమ్ములు ఎలాగో లాక్కొస్తారు గానీ, పిల్లలకు సగంలోనే ఊపిరి అందదు. ఆటవెలది ఒక్కటి చాలు. అందులో రెండు, నాలుగు పాదాలకు ఐదేసి సూర్యగణాలు. ప్రతి గణమూ మూడు మాత్రలే కాబట్టి పిల్లలు చప్పట్లతో పట్టేస్తారు. ఒకటి, మూడు పాదాల చివర ఇంద్రగణాలు వచ్చి నడక మారుతుంది. అవి పెద్దవాళ్లు చదవాలి.

నీ చివరి పాదం "నిండు బ్రతుకు నూరు నిండు గాక". గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. అయినా మార్చాలి. "నీకు నూరేళ్లు నిండాయి" అని ఎవరిని, ఎప్పుడు అంటామో గుర్తు తెచ్చుకో. పీటల మీద కూర్చున్న మనిషి ముందు ఆ మాట వినపడకూడదు.

ఇంకో చిక్కు. మన ఇళ్లలో చిన్నవాళ్లు పెద్దలను దీవించరు, కాళ్లకు దండం పెట్టి దీవెన తీసుకుంటారు. అందుకని ఆ కోరికను దేవుడికి చెప్పుకో, అప్పుడు అది ప్రార్థన అవుతుంది. పైగా నువ్వు పిలిచే "నాన్న" నీ కూతురికి "తాతయ్య". అందరూ కలిసి చదివే పద్యంలో ఆ పిలుపు లేకుండానే మనిషి తెలియాలి. నువ్వు రాసిన "త్యాగమూర్తి" అంటే ఎవరైనా కావచ్చు. కరెంటు పోయిన రాత్రుళ్లు మీకు నిద్రపట్టేదాకా విసురుతూ కూర్చునేవారని ఉత్తరంలో రాశావే, పద్యంలోకి రావాల్సింది అది. నేనైతే ఇలా రాస్తాను:

విసనకర్ర పట్టి విసిరిన చేతికి
కంకణాన్ని నేడు కట్టుచుండ
వేడుకొందుమయ్య వేంకటేశ్వర నిన్ను
చల్లనైన బతుకు సాగు గాక

చివరి పాదంలో చకారానికి సకారంతో యతి చెల్లుతుంది. విసనకర్ర గాలి తగిలిన మీకు "చల్లనైన" అన్న మాట ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. దీన్నే వాడమనడం లేదు. చెయ్యి, కంకణం, వేడుకోలు అనే ఈ వరస పట్టుకుని నీ మాటల్లో రాసుకో. అమ్మగారి మీద రెండో ఆటవెలది కూడా రాయి. ఆ రోజు ఆమె మెడలో మళ్లీ మంగళసూత్రం కడతారు కదా, ఆమె లేని పద్యం సగమే అవుతుంది. రెండు పద్యాలకూ చివరి పాదం ఒకటే ఉంచితే పిల్లలు నేర్చుకోవాల్సింది ఆ ఒక్క పాదమే.

తలంబ్రాలయ్యాక, మేళం ఆగినప్పుడు చదవండి. బ్రహ్మగారికి ముందే చెప్పిపెట్టు, లేకపోతే ఆయన వెంటనే ఆశీర్వచనం మొదలుపెడతారు. మూడు పాదాలు మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చదవండి. "నిన్ను" దగ్గర ఆగి, చిన్నవాళ్లు ఊపిరి తీసుకున్నాక నాలుగోది అందరూ కలిసి రెండుసార్లు అనండి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య