చేతి బ్యాగుతోనే తిరిగే తమ్ముడికి కానుక

"మా తమ్ముడు నెలలో పది రోజులు ప్రయాణాల్లోనే ఉంటాడు. ఎన్ని రోజులకు వెళ్లినా ఒక్క బ్యాక్‌ప్యాకే, చెక్-ఇన్ లగేజీ ఉండదు. పుట్టినరోజుకి మూడు వేల లోపు ఏమిస్తే నిజంగా వాడతాడు?"

నేనూ మీ తమ్ముడి బాపతే. నాకు వచ్చిన కానుకల్లో సగం బీరువాలో ఉన్నాయి. మెడ దిండు ఉంది, పది అరల టాయిలెట్ కిట్ ఉంది. మా అక్క ముచ్చటపడి కొన్న మల్టీటూల్ మాత్రం బీరువాలో కూడా లేదు. దానికి చిన్న కత్తి ఉందన్న సంగతి నాకు సెక్యూరిటీ దగ్గర గుర్తొచ్చింది. చెక్-ఇన్ బ్యాగ్ ఉన్నవాళ్లయితే అందులో వేసుకుంటారు, మాకు ఆ దారి లేదు. అక్కడే వదిలేసి వచ్చాను. అక్కకి ఇంకా చెప్పలేదు.

మన దేశీయ విమానాల్లో చేతి బ్యాగుకి మామూలుగా 7 కిలోలే. అందులో బ్యాగే కిలో పైన తూగుతుంది. అందుకని మీరిచ్చేది లోపలికి వెళ్లాలంటే అందులోంచి ఇంకేదో బయటికి రావాలి. ఏది బయటికొస్తుందో చెప్పలేకపోతే ఆ వస్తువు కొనకండి.

నా బ్యాగులోంచి ఎక్కువ బరువు తీసేసింది ఒక 65 వాట్ల గాన్ చార్జర్, అంటే గాలియం నైట్రైడ్ వాడి చేసిన చిన్న సైజు చార్జర్. అంతకుముందు ల్యాప్‌టాప్ చార్జర్, ఫోన్ చార్జర్, కెమెరా చార్జర్ మూడూ మోసేవాణ్ణి. వంటింటి కాటా మీద పెడితే వైర్లతో కలిపి 560 గ్రాములు తూగాయి. కొత్తది సబ్బుబిళ్ల అంత ఉంటుంది, కేబుల్‌తో కలిపి 190. రెండు టైప్-సి పోర్టులున్నది మీ బడ్జెట్‌లో దొరుకుతుంది.

కాకపోతే కొనేముందు చిన్న గూఢచర్యం చేయాలి. తమ్ముడి ల్యాప్‌టాప్ చార్జర్ మీది లేబుల్ ఫోటో తీసుకోండి. అవుట్‌పుట్ అన్నచోట 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి, 65 వాట్లు. అంతకంటే చాలా ఎక్కువ వస్తే ఈ చార్జర్ చాలదు. గుండ్రటి పిన్నుతో చార్జ్ అయ్యే పాత ల్యాప్‌టాప్ అయితే ఈ ఆలోచనే వదిలేయండి. టైప్-సి పోర్టు కనిపించినంత మాత్రాన దాని ద్వారా చార్జ్ అవుతుందని కాదు, మోడల్ పేరుతో వెతికి చూసుకోండి. ఇంకో సంగతి, రెండు పోర్టులూ ఒకేసారి వాడితే ఆ 65 వాట్లు పంచుకుంటాయి. నాదైతే ల్యాప్‌టాప్‌కి 45, ఫోన్‌కి 20 ఇస్తుంది. రాత్రి పెట్టి పడుకునేవాళ్లకి అదేం ఇబ్బంది కాదు. కేబుల్ మాత్రం 100 వాట్లదని రాసి ఉన్నదే తీసుకోండి. ఫోన్‌తో వచ్చిన సన్నటి వైరు పెట్టి "చార్జర్ బాగాలేదు" అని నేను వారం రోజులు తిట్టుకున్నాను.

విదేశాలకి కూడా వెళ్తాడా? కొనే చార్జర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, ఆ ఊరి ప్లగ్గుకి సరిపోయే చిన్న అడాప్టర్ ఒకటి చాలు.

ల్యాప్‌టాప్ లెక్క కుదరకపోతే నా రెండో సలహా విని నవ్వకండి: పల్చటి నేత పంచె. ఒంటి పంచె, రెండు మీటర్లది, జరీ అంచు లేనిది. ఆప్కో షాపులోనో మీ ఊరి నేత సొసైటీలోనో దొరుకుతుంది. నాది 200 గ్రాములు. దాన్ని పెట్టుకున్నాక అర కిలో టర్కీ టవలూ, దుప్పటీ రెండూ బయటికొచ్చేశాయి. స్నానమయ్యాక దాంతోనే తుడుచుకుంటాను. పిండి ఫ్యాను కింద ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతుంది. ఏసీ బస్సులో కప్పుకుంటాను. తిరువనంతపురం పద్మనాభస్వామి గుడికి ప్యాంటుతో రానివ్వరు కదా, అందరూ బయట పంచె కొనుక్కుంటుంటే నేను బ్యాగులోంచి తీసి కట్టుకున్నాను. మైక్రోఫైబర్ టవల్ కూడా వాడి చూశాను. తేలికే, త్వరగానే ఆరుతుంది, కానీ ఒంటికి అతుక్కున్నట్టుండి నాకు నచ్చలేదు. పైగా దాన్ని కట్టుకుని గుడికి వెళ్లలేం.

కొత్త పంచె గంజి మీద ఉంటుంది, నీళ్లు పీల్చదు. రెండు మూడుసార్లు ఉతికాకే టవల్‌గా పనికొస్తుంది. ఆ సంగతి చెప్పకుండా ఇస్తే మీ తమ్ముడు మొదటి ట్రిప్పులోనే దాన్ని పక్కన పడేస్తాడు. కాబట్టి కవరు అందం చూసుకోకుండా మీరే ఉతికి మడతపెట్టి ఇచ్చేయండి.