కంపు కొడుతున్న కంపోస్ట్ డ్రమ్మును మేం ఎలా బాగుచేసుకున్నాం

ప్రశ్న: బెంగళూరులో రెండో అంతస్తు ఫ్లాట్ మాది. బాల్కనీలో 60 లీటర్ల డ్రమ్ములో వంటింటి చెత్తతో కంపోస్ట్ మొదలుపెట్టి నెలన్నర అయింది. రోజూ కోకోపీట్ వేస్తూనే ఉన్నాను. అయినా కుళ్లిన గుడ్ల వాసన. చేయి పెడితే చల్లగా, బురదలా ఉంది. పైగా మూత దగ్గర చీమలు. పారేసి మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు:

పారేయకండి. ఒక పూట పని పెట్టుకుంటే అదే చెత్త మంచి ఎరువవుతుంది. మాకూ ఇలాగే అయింది. 2022 సెప్టెంబరులో, బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు నీళ్లలో మునిగిన ఆ రోజుల్లో, మారతహళ్లిలో మా బాల్కనీ డ్రమ్ము మీరు చెప్పినట్టే తయారైంది. పక్క ఫ్లాట్ ఆవిడ తలుపు కొట్టి "మీ బాత్రూం డ్రైనేజీ ఏమన్నా లీకవుతోందా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కంపు, చల్లదనం, బురద మూడు వేర్వేరు జబ్బులు కావు. మూడింటికీ మూలం లోపలికి గాలి ఆడకపోవడమే. గాలి పీల్చే సూక్ష్మజీవులు చెత్తను తినేటప్పుడు వేడి పుడుతుంది, వాసన పెద్దగా రాదు. చెత్త ముక్కల మధ్య సందుల్లో నీళ్లు నిండితే వాటికి ఆక్సిజన్ అందదు. నీటిగుండా ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే దాదాపు 10 వేల రెట్లు తక్కువ. అప్పుడు గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి వేడి పెద్దగా పుట్టించవు కానీ కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ, ముక్కుపుటాలు అదిరే పులుపు వాసన ఉన్న ఆమ్లాలనూ వదులుతాయి.

రోజూ కోకోపీట్ వేస్తున్నా ఇలా ఎందుకైంది అంటే, నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను. పొడి సరుకు చేయాల్సిన పనులు రెండు. ఒకటి తడి పీల్చడం, రెండు సందులు నిలబెట్టడం. కోకోపీట్ మొదటిది బ్రహ్మాండంగా చేస్తుంది. రెండోది చేయలేదు, ఎందుకంటే అది మెత్తటి పొట్టు. తన బరువుకు ఎన్నో రెట్ల నీళ్లు తాగి, పైబరువుకు అణిగి, ముద్దగా కూర్చుంటుంది. నేను ఇంకో తప్పు కూడా చేశాను. ఇటుకలా వచ్చే కోకోపీట్‌ను మొక్కల కుండీలకు చేసినట్టే నీళ్లలో నానబెట్టి, ఆ తడిదాన్నే చెత్త మీద వేసేదాన్ని. అంటే తడి పీల్చడానికి వేసేది అప్పటికే తడిని నింపుకుని లోపలికి వెళ్లేది. మీరూ అలా చేస్తుంటే ఇవాళే ఆపండి. ఇటుకను పగలగొట్టి, పొడిగానే వాడాలి.

మన ఇళ్లలో ఇంకొకటి ఉంది, అన్నం. మిగిలిన పెరుగన్నం, పప్పుచారు అడుగు, పులిసిపోయిన దోసెపిండి. వేడికి ఉడికి పిండయిన అన్నం జిగురులా పట్టేసి డ్రమ్ము అడుగున ఉన్న చిల్లులను మూసేస్తుంది. మా డ్రమ్ము బోర్లించినప్పుడు 12 చిల్లుల్లో 9 అన్నం ముద్దతో పూడుకుపోయి ఉన్నాయి. ఊళ్లో అమ్మమ్మ వాళ్ల పెంటకుప్పలో కూడా మిగిలిన అన్నం పడేది, కానీ దానికి గడ్డి, పేడ, ఆకులు ఎంతో ఎక్కువ తోడుండేవి. బాల్కనీలో ఆ తోడు మనమే చూసుకోవాలి.

బాగుచేయడం ఇలా చేశాం. వాన లేని ఒక ఆదివారం, డాబా మీద పాత టార్పాలిన్ పరిచి, చేతికి రబ్బరు గ్లౌజులు వేసుకుని, డ్రమ్మంతా బోర్లించాం. పైన జానెడు మందం పొడిపొడిగా ఉంది, చీమలు అందులోనే గుడ్లు పెట్టాయి. మధ్యలో పుల్లటి వాసన కొట్టే ముద్ద. అడుగున బెత్తెడు మందాన నల్లటి బురద, కంపంతా అక్కడే. కారిన నల్లనీళ్లను మొక్కలకు పోయలేదు. కుళ్లిన వాసన ఉన్న ఆ నీళ్లు వేర్లకు హాని చేస్తాయి. బకెట్ నీళ్లు కలిపి మరుగుదొడ్డిలో పోశాం.

ముద్దలను చేత్తో చిదిపి, గంటసేపు గాలికి ఆరనిచ్చాం. ఎండలో గలగలా ఎండబెట్టకూడదు, సూక్ష్మజీవులకూ తడి కావాలి. తర్వాత చెత్త ఎంత ఉందో దాదాపు అంతే పరిమాణంలో, బరువు చూసి కాదు, బకెట్లతో కొలిచి, ఎండుటాకులు కలిపాం. మాకు రెండున్నర బకెట్ల చెత్తకు రెండున్నర బకెట్ల ఆకులు పట్టాయి. అట్ట గుడ్ల ట్రేలు నాలుగు, చేత్తో బొటనవేలంత ముక్కలు చింపి వేశాం. అవి తడి పీలుస్తాయి, ఆకారం కొంతకాలం నిలుపుకుంటాయి, మధ్యలో గాలి ఆడే సందులు మిగులుస్తాయి. అంతకుముందు తయారైన ఎరువు రెండు గుప్పెళ్లు చల్లాం. మీ దగ్గర లేకపోతే ఎండిన పేడ ఒక పిడక చిదిపి వేసినా చాలు. అదీ లేకపోయినా నష్టం లేదు, కుళ్లే చెత్తలో సూక్ష్మజీవులకు కొదవుండదు. అందుకే దుకాణాల్లో అమ్మే కల్చర్ పొడి ఇంకో ప్యాకెట్ కుమ్మరిస్తే ఫలితం రాదు. గాలి లేకపోతే ఆ పొడిలోని సూక్ష్మజీవులు కూడా పనిచేయవు.

ఎంత తడి ఉండాలో తెలియడానికి పిట్టు పిండి గుర్తుపెట్టుకోండి. మధ్యలోంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిసకండి. ముద్దకట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఒకటి రెండు చుక్కలు వేళ్ల సందుల్లోంచి వస్తే సరిపోయినట్టు. ధారగా కారితే ఇంకా ఆకులు కలపాలి. ముద్దే కట్టకుండా రాలిపోతే నీళ్లు చిలకరించాలి.

డ్రమ్ములో తిరిగి నింపేముందు చిల్లులను మేకుతో పొడిచి శుభ్రం చేశాం. అడుగున నాలుగు వేళ్ల మందం కొబ్బరి డొక్క ముక్కలు, పుల్లలు పరిచాం, చిల్లులు ఇక పూడకుండా. డ్రమ్మును రెండు ఇటుకల మీద ఎత్తి, కింద ఒక వెడల్పాటి బేసిన్ పెట్టాం. నింపేటప్పుడు అదిమిపెట్టలేదు, వదులుగా పడనిచ్చాం. పది రోజులు కొత్త చెత్త వేయలేదు. ఆ రోజుల చెత్తను పొద్దున వచ్చే తడిచెత్త బండిలో వేసేశాం.

రెండో రోజుకే కుళ్లిన గుడ్ల వాసన తగ్గింది. అయిదో రోజుకు వాన పడ్డాక మట్టి వాసనలాంటిది మొదలైంది. వేడి చూడటానికి ఒక ఇనుప ఊచ మధ్యలోకి గుచ్చి, పది నిమిషాలాగి తీసి పట్టుకున్నాం. మూడో రోజున గోరువెచ్చగా, ఆరో రోజున పట్టుకోవడానికి కాస్త కష్టంగా అనిపించింది. తర్వాత వారంలో మళ్లీ చల్లబడింది. అది మామూలే. వారానికి ఒకసారి పొడవాటి కర్రతో అడుగుదాకా కలిపితే చాలు.

చల్లగా ఉందని మాత్రం మీరు భయపడకండి. 60 లీటర్ల డ్రమ్ములో వేడి ఎంత పుట్టినా గోడల గుండా పోతుంది. కలుపు విత్తనాలు చచ్చేంత వేడి, 55 డిగ్రీల పైన, కొన్నిరోజుల పాటు నిలవాలంటే దాదాపు ఒక ఘనమీటరు కుప్ప కావాలి. చిన్న డ్రమ్ముల్లో చల్లగానే, నెమ్మదిగా ఎరువు తయారవుతుంది, రెండు నెలలకు బదులు మూడు నెలలు పట్టవచ్చు. చల్లదనంతో పాటు దుర్వాసన కూడా ఉంటేనే అది లోపం.

వాసనల్లో ఇంకొకటి చెప్పాలి. మూత తీయగానే కళ్లు మండేంత ఘాటుగా, పబ్లిక్ టాయిలెట్ వాసనలా వస్తే అది అమ్మోనియా. చెత్తలో నత్రజని ఎక్కువై, పొడి సరుకు తక్కువైతే వస్తుంది. దానికీ ఎండుటాకులే మందు. వీటిలో దేనికీ సున్నం వేయకండి. సున్నం పడితే నత్రజని అమ్మోనియాగా మారి గాలిలోకి పోతుంది, ఎరువు బలం తగ్గుతుంది.

ఇక చీమలు. డ్రమ్ము అడుగున బురదే అయినా పైన చీమలు రావడంలో వింత లేదు, చీమలు చెప్పేది పైపొర సంగతి. అక్కడ పొడిగా ఉంది, తీపి తిండి బయటికి కనిపిస్తోంది. మామిడి, అరటి తొక్కలు పైన పడేసి వదలకండి. కొత్త చెత్త వేసినప్పుడల్లా గుంట చేసి అందులో వేసి, పాత సరుకు కప్పి, పైన రెండంగుళాల ఎండుటాకుల దుప్పటి వేయండి. చీమల గుడ్లున్న భాగాన్ని కాస్త తడిపి కలిపేస్తే అవి గూడు మార్చుకుంటాయి. అప్పటికీ పోకపోతే, ఇటుకల కింద నీళ్ల పళ్లాలు పెట్టి నాలుగు చుక్కల డిష్‌వాష్ వేయండి. డ్రమ్ము గోడను తాకకుండా చూసుకోండి, లేకపోతే గోడ వంతెనవుతుంది. ఆ నీళ్లు మూడు రోజులకోసారి మార్చాలి, దోమలు గుడ్లు పెడతాయి, ఈ ఊళ్లో డెంగీ మాటలు కాదు. పురుగుమందు సుద్దముక్కలు, స్ప్రేలు మాత్రం డ్రమ్ములో వాడకండి, చెత్తను ముక్కలు చేసే మంచి జీవులూ చచ్చిపోతాయి.

ఆకులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారేమో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెట్ల కింద ఫుట్‌పాత్‌లు నిండిపోతాయి. పొద్దున ఊడ్చే పౌరకార్మికులను అడిగితే సంచిలో వేసిస్తారు, మా వీధి వాళ్లు సంతోషంగా ఇచ్చారు. ప్లాస్టిక్, గాజు ముక్కలు ఏరి, రెండు గోనెసంచులు మెట్ల కింద పొడిగా దాచుకోండి. వానాకాలంలో వీధిలో దొరికే ఆకులు తడిసి ఉంటాయి, వాటిని వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆకులు లేకపోతే వడ్రంగి దగ్గర రంపపుపొట్టు తెచ్చుకోవచ్చు, కానీ తడి చెత్తకు దాన్ని మూడో వంతు మించనివ్వకండి. ఎక్కువైతే నత్రజని చాలక కుళ్లడమే ఆగిపోతుంది. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

మంచి కంపోస్ట్ ఎలా ఉంటుందో చేత్తో తాకి చూడాలనుకుంటే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో స్వచ్ఛగ్రహ కలికా కేంద్ర అని ఒక చోటుంది. రకరకాల డబ్బాలు, పద్ధతులు అక్కడ చూడొచ్చు.

మీ డ్రమ్ము బోర్లించినప్పుడు అడుగు చిల్లులు ఎన్ని తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. సగం కంటే తక్కువైతే పక్కలకు కూడా, అడుగు నుంచి జానెడు ఎత్తులో, పెన్సిల్ పట్టేంత చిల్లులు చుట్టూ పది పెట్టాలి. మేం అది రెండో ఏడు చేశాం. ముందే చేసి ఉంటే ఆ సెప్టెంబరు ఇంత కష్టం వచ్చేది కాదు.