ట్రయాజ్: ఎమర్జెన్సీలో ముందు ఎవరిని చూస్తారు?

ప్రశ్న: ఆసుపత్రిలో ట్రయాజ్ అంటే ఏంటి? మా తర్వాత వచ్చినవాళ్లని ముందు లోపలికి ఎందుకు తీసుకెళ్తారు?

ట్రయాజ్ అనేది వేరుచేయడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఎవరు ముందొచ్చారని కాదు, ఆలస్యమైతే ఎవరికి ఎక్కువ ప్రమాదం అని చూసి వరస పెడతారు.

ఉదాహరణకి, మణికట్టు విరిగిన కుర్రాడు 10 గంటలకి వచ్చి నొప్పితో అరుస్తున్నాడు. 10:20కి ఒక పెద్దాయన నడుచుకుంటూ వచ్చి, దవడ లాగుతోంది, కాస్త ఆయాసంగా ఉందన్నాడు, అంతే. నర్సు ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిగా ఉంది. ఇలా గుండెపోటు అనుమానం ఉంటే వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి, ఎందుకంటే రక్తనాళం మూసుకుపోయి ఉంటే ప్రతి నిమిషం గుండె కండరం కొంత చచ్చిపోతూ ఉంటుంది. కుర్రాడి వేళ్లు కదులుతున్నాయి, రంగు మారలేదు, స్పర్శ తెలుస్తోంది, కాబట్టి నొప్పికి మందిచ్చి, కట్టు కట్టి గంట ఆపినా ఎముకకి పెద్ద తేడా రాదు. నిజానికి అరుస్తున్నవాడికి ఊపిరి బాగానే ఆడుతున్నట్టు, నర్సులకి టెన్షన్ మాట్లాడకుండా కూర్చున్నవాళ్లతోనే.

అయితే ఈ అంచనా రెండు మూడు నిమిషాల్లో నాడి, బీపీ, ఊపిరి వేగం, ఆక్సిజన్ చూసి వేసేదే, తప్పొచ్చు, పరిస్థితీ మారొచ్చు. అందుకే కూర్చున్నవాళ్లని మళ్లీ మళ్లీ చూడాలి. కుర్రాడి వేళ్లు తిమ్మిరెక్కినా, పాలిపోయినా వెంటనే నర్సుకి చెప్పండి, వరస అప్పటికప్పుడు మారుతుంది.